కోటి రూపాయల పొలాన్ని వద్దన్న బ్యాంకు

నరసరావుపేటలో హార్డ్‌వేర్ షాపు నడుపుకునే ఒక తండ్రిని ఊహించుకుందాం. కూతురికి అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చింది. ఫీజులు, ఖర్చులు అన్నీ కలిపి 30 లక్షలు కావాలి. చదువుల అప్పు కోసం బ్యాంకుకు వెళ్తే మేనేజరు ఆ అమ్మాయి మార్కుల కంటే ముందు అడిగేది ఒకటుంటుంది: "కొలేటరల్ ఏమిస్తారండీ?"

బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా పథకం ప్రకారం చదువుల అప్పు 4 లక్షల లోపయితే తాకట్టూ అక్కర్లేదు, పూచీదారూ అక్కర్లేదు. 4 నుంచి 7.5 లక్షల వరకు ఒకరు పూచీ ఉంటే సరిపోతుంది. అది దాటితే చేతికి దొరికే ఆస్తి ఏదో ఒకటి చూపించాలి. ఇతను అడుగుతున్నది 30 లక్షలు కాబట్టి ఆ ప్రశ్న తప్పదు.

తండ్రి దగ్గర మూడు ఆస్తులున్నాయి. ఊరి దగ్గర మూడెకరాల పొలం, ఎకరం 40 లక్షల చొప్పున చూసినా కోటీ 20 లక్షలు చేస్తుంది. అదే ఊళ్లో కొత్తగా కట్టించిన రెండంతస్తుల ఇల్లు. పేటలో వాళ్ల నాన్న కొన్న 200 గజాల్లో పాత డాబా ఇల్లు, ఇవాళ అమ్మితే 70 లక్షలు పలుకుతుందని చుట్టుపక్కల వాళ్ల మాట. సహజంగానే అతను పొలం పాసు పుస్తకం తీసి టేబుల్ మీద పెడతాడు.

"దీన్ని లోపల పెట్టుకోండి," అంటాడు మేనేజరు. "పేటలో ఇల్లుందన్నారుగా, దాని కాగితాలు తెండి."

"అది పాత ఇల్లండీ. పొలమైతే మీ అప్పుకు నాలుగింతలుంది!"

"పొలం విలువ మాకు తెలియక కాదండీ. రేపు మేం దాన్ని అమ్ముకోలేం."

కొలేటరల్ అంటే ఏమిటో అర్థం కావాలంటే ఈ ఒక్క సమాధానం చాలు. అప్పు తీరకపోతే, మీరు ఒప్పుకోకపోయినా, కోర్టుల చుట్టూ ఏళ్లతరబడి తిరగకుండా అమ్ముకోగలిగిన ఆస్తి కావాలి బ్యాంకుకు. ఆస్తి ఎంత విలువైనదన్న ప్రశ్న ఆ తర్వాతే వస్తుంది.

మరి పొలానికి వచ్చిన అడ్డంకి ఏమిటి? 2002లో పార్లమెంటు సర్ఫేసీ చట్టం చేసింది. తాకట్టు పెట్టిన ఆస్తిని కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనం చేసుకుని వేలం వేసే అధికారం బ్యాంకులకు వచ్చింది దాంతోనే. అయితే అదే చట్టంలోని 31వ సెక్షన్ వ్యవసాయ భూమిని మినహాయించింది. రైతు చేతిలోంచి పొలం పోకుండా పెట్టిన రక్షణ అది. పంట రుణాలకు బ్యాంకులు పొలాలను తాకట్టు పెట్టుకుంటూనే ఉంటాయి, కానీ వసూలు దగ్గరికి వచ్చేసరికి ఈ చట్టం వాటికి అక్కరకు రాదు, దావా దారి పట్టాల్సిందే. రైతును కాపాడిన ఆ నిబంధనే రైతు కూతురి చదువు దగ్గర పొలాన్ని పనికిరాని ఆస్తిగా చేసింది. చట్టం చేసినవాళ్లు ఇంతదూరం ఆలోచించి ఉంటారని నేననుకోను.

ఊళ్లోని కొత్త ఇంటి సంగతి ఇంకా తొందరగా తేలిపోతుంది. ఆ ఇల్లు గ్రామకంఠంలో ఉంది. తాతల నాటి నుంచి ఉంటున్న చోటే, ఊరంతా సాక్ష్యమే, ఇంటి పన్ను రశీదులూ ఉన్నాయి. రిజిస్టరైన దస్తావేజు మాత్రం లేదు. పన్ను రశీదు ఎవరు పన్ను కట్టారో చెబుతుందిగానీ ఆ స్థలం ఎవరిదో చెప్పదు. వేలంలో కొనేవాడికి బ్యాంకు ఏ కాగితం చూపించి హక్కు ఇవ్వాలి? లక్షలు పోసి ఇల్లు కట్టేముందు ఈ ప్రశ్న వేసుకునేవాళ్లు పల్లెల్లో తక్కువ.

ఇక మిగిలింది పేటలోని పాత డాబా. బ్యాంకు దీన్నే కోరుకుంది. అలాగని పని అయిపోయినట్టు కాదు. కాగితాలు ముందుగా బ్యాంకు ప్యానెల్ లాయరు దగ్గరికి వెళ్తాయి. ఆయన సాధారణంగా 30 ఏళ్లు వెనక్కి వెళ్లి, ఎవరి దగ్గర నుంచి ఎవరికి, ఏ దస్తావేజుతో చేతులు మారిందో వరసగా చూస్తాడు. దస్తావేజు రాయించుకునే చోట లింకు డాక్యుమెంట్లు అనేది వీటినే. గొలుసులో ఒక్క లింకు లేకపోయినా, ఒరిజినల్ బదులు నకలు ఉన్నా, అక్కడ ఆగిపోతాడు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈసీ తీయించి, ఆ ఇంటి మీద ఇప్పటికే తనఖా గానీ, అమ్మకం ఒప్పందం గానీ, అటాచ్‌మెంటు గానీ రిజిస్టరయ్యాయేమో చూస్తాడు. ప్లాను మంజూరైందా, కట్టింది ప్లాను ప్రకారమేనా అన్నదీ అడుగుతారు.

మన ఉదాహరణలో ఇల్లు తాత పేరు మీద ఉంది. 1991లో సొంత సంపాదనతో కొన్నాడు, 2012లో వీలునామా రాయకుండా పోయాడు. అప్పటి నుంచి ఇంటి పన్ను కడుతున్నదీ, అందులో ఉంటున్నదీ కొడుకే. కాబట్టి ఇల్లు తనదే అనుకుంటున్నాడు. లాయరు మాత్రం ఒప్పుకోడు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ ఇంట్లో నానమ్మకు ఒక వాటా, తండ్రికి ఒక వాటా, పెళ్లయి గుంటూరులో ఉంటున్న మేనత్తకు ఒక వాటా, మూడూ సమానం. కొడుకు ఒక్కడే సంతకం పెడితే బ్యాంకుకు తాకట్టు పడేది మూడో వంతే. ఇంటిలో మూడో వంతును వేలంలో ఎవరు కొంటారు?

దీనికి దారులు రెండు. నానమ్మ, మేనత్త తమ వాటాలు వదులుకుంటూ హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేయించడం ఒకటి. లేదంటే వాటాలు ఉంచుకుని, తాకట్టు కాగితాల మీద వాళ్లూ సంతకాలు చేయడం. రెండోది తేలిగ్గా కనిపిస్తుంది, కుటుంబాల్లో ఎక్కువమంది దానికే మొగ్గుతారు. కానీ అలా సంతకం చేసినవాళ్లను బ్యాంకులు చాలాసార్లు పూచీదారులుగా కూడా చేర్చుకుంటాయి. పూచీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానమని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 128వ సెక్షన్ చెబుతోంది. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, ఇల్లు అమ్మగా చాలకపోతే మిగతాది మేనత్త నుంచి కూడా అడగవచ్చు. "ఊరికే ఒక సంతకం పెట్టు వదినా" అని అడిగేముందు ఈ విషయం ఆవిడకు చెప్పడం ధర్మం. వాటా వరకే బాధ్యత ఉండేలా కాగితం రాయించుకోవచ్చేమో ఆవిడ తన తరఫు లాయరును అడగడంలో తప్పేమీ లేదు.

లాయరు అయ్యాక వాల్యుయర్ వస్తాడు. చుట్టుపక్కల వాళ్లు 70 లక్షలన్న ఇంటికి ఆయన 58 లక్షలు వేశాడనుకుందాం. కింద ఇంకో అంకె ఉంటుంది: అవసరపడి తొందరగా అమ్మితే వచ్చేది, 43 లక్షల 50 వేలు. ఆ రెండో అంకె చూసి తండ్రికి మండిపోవడం ఖాయం. 70 లక్షల ఇల్లు పెట్టుకుని 30 లక్షలు ఇస్తూ, పైగా ఇల్లు చాలీచాలదన్నట్టు మాట్లాడతారేమిటని. బ్యాంకు పక్కన కూర్చుని అదే లెక్క వేద్దాం.

వడ్డీ ఏడాదికి 10 శాతం అనుకోండి. చదువు రెండేళ్లు, ఆ తర్వాత ఉద్యోగం వెతుక్కోవడానికి మరో ఏడాది, మొత్తం మూడేళ్లు వాయిదాలు కట్టనక్కర్లేదు. వడ్డీ మాత్రం ఆగదు. 30 లక్షలూ మొదటిరోజే ఇచ్చేయరు, ఫీజు గడువుల ప్రకారం విడతలుగా ఇస్తారు. ఆ మినహాయింపు వేసినా మూడేళ్లకు అప్పు 38 లక్షల దగ్గరికి చేరుతుంది. అప్పటికీ ఉద్యోగం రాలేదు, వాయిదాలు ఆగాయి. నోటీసులు, స్వాధీనం, వేలం అన్నీ ముగిసేసరికి ఏడాదిన్నర పట్టిందనుకుంటే, ఆ 38 మీద వడ్డీ ఇంకో 5 లక్షల 70 వేలు. మొత్తం దాదాపు 44 లక్షలు. వేలంలో ఇల్లు పలికేది 43.5 లక్షలయితే బ్యాంకు చేతికి అసలూ వడ్డీ సరిగ్గా అందీ అందనట్టు ఉంటుంది. వేలం ఖర్చులు వేరు. 30కీ 70కీ మధ్య మనకు కనిపించిన ఆ పెద్ద తేడా వడ్డీకీ, కాలానికీ, వేలంలో తగ్గే ధరకూ ఇలా కరిగిపోతుంది.

వేలంలో ధర ఎందుకు తగ్గుతుందో మనలో ఎవరైనా చెప్పగలం. బ్యాంకు వేలంలో ఇల్లు కొనడానికి మామూలు కొనుగోలుదారు జంకుతాడు. లోపల మనుషులు ఖాళీ చేస్తారో లేదో, కోర్టు గొడవలుంటాయో, ఊళ్లో ఉసురు తగులుతుందంటారో అని. జంకని కొద్దిమంది తక్కువకే పాడతారు.

ఇంత లెక్క వేసుకున్న బ్యాంకు, తండ్రి ఐటీ రిటర్నులు కూడా అడుగుతుంది. చాలామందికి ఇక్కడ ఒళ్లు మండుతుంది: ఇల్లే ఇస్తుంటే ఆదాయంతో పనేమిటి? అప్పు తీరాల్సింది ఆదాయంలోంచి. ఇల్లు అమ్ముకోవాలన్న కోరిక ఏ మేనేజరుకూ ఉండదు, ఒక్క వేలం ఆయనకు రెండేళ్ల ఫైళ్లు. ఆదాయం ఏమాత్రం కనిపించని చోట, ఇల్లు ఎంత పెద్దదైనా, మంచి మేనేజరు అప్పు ఇవ్వడు. ఇస్తానంటే అనుమానించాల్సింది మీరే. ఆస్తి ఒక్కటే చూసి చకచకా అప్పిచ్చేవాడు ఆ ఆస్తి మీద కన్నేసి ఉండవచ్చు.

అన్నీ కుదిరాయి, మేనత్త విడుదల దస్తావేజు చేసింది, అప్పు మంజూరైంది. తాకట్టు జరిగే రోజు పెద్ద తతంగమేమీ ఉండదు. ఇంటి ఒరిజినల్ దస్తావేజులను అప్పుకు హామీగా ఉంచాలన్న ఉద్దేశంతో బ్యాంకు చేతికి ఇవ్వడమే తనఖా. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం దీన్ని ఒప్పుకుంటుంది. మన రాష్ట్రాల్లో దీనికి ఒక మెమొరాండం రాసి సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయిస్తారు. దాంతో ఇకమీదట ఈసీ తీసిన ప్రతివాడికీ ఆ ఇంటి మీద అప్పుందని తెలుస్తుంది. ఇంట్లో మీరే ఉంటారు, అద్దెకిచ్చినా అద్దె మీదే. నగల అప్పులో వస్తువే బ్యాంకు లాకర్‌లోకి వెళ్తుంది. కారు, షాపులో సరుకు మీద అప్పయితే వస్తువు మీ దగ్గరే ఉండి బ్యాంకు హక్కు కాగితం మీద ఉంటుంది. ఇంటి విషయంలో కదిలేది దస్తావేజు.

బ్యాంకు ఇంకో పని చేస్తుంది, అది మనకు కనిపించదు. సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్టరులో ఈ తాకట్టును నమోదు చేస్తుంది. 2011లో ఇది మొదలవకముందు ఒకే ఇంటికి అచ్చుగుద్దినట్టు నకిలీ దస్తావేజులు పుట్టించి రెండు మూడు బ్యాంకుల్లో అప్పులు తీసుకున్న ఘనులుండేవారు. ఒక బ్యాంకులో పెట్టిన కాగితాల సంగతి ఇంకో బ్యాంకుకు తెలిసే దారి లేదు. ఆ రిజిస్టరులో మనమూ కొద్దిపాటి రుసుము కట్టి వెతుక్కోవచ్చు. ఇల్లు కొనేవాళ్లు ఈసీతో పాటు ఇదీ చూసుకుంటే మంచిది.

సంతకాలు పెట్టే రోజున చదవాల్సిన వాక్యం ఒకటుంది. చాలా ఒప్పందాల్లో ఈ తాకట్టు ఈ ఒక్క అప్పుకే కాక, ఇదే బ్యాంకులో మీకున్న అప్పులకూ ఇకమీద తీసుకోబోయే అప్పులకూ వర్తిస్తుందని రాసి ఉంటుంది. మన తండ్రికి అదే బ్యాంకులో షాపు మీద ఓవర్‌డ్రాఫ్టు ఉందనుకోండి. కూతురు ఉద్యోగం చేసి చదువుల అప్పు పైసాతో సహా తీర్చేసినా, షాపు అప్పు బాకీ ఉందని దస్తావేజులు ఆపేయవచ్చు. నగల అప్పు తీర్చినా వేరే బాకీ చూపించి నగలు ఇవ్వలేదన్న గొడవలకు మూలం కూడా ఇలాంటిదే. కాంట్రాక్టు చట్టంలోని 171వ సెక్షన్ బ్యాంకులకు ఆ వెసులుబాటు ఇస్తోంది. ఆ వాక్యం కొట్టేయించడం కష్టమే కావచ్చు, కానీ ముందే తెలిస్తే షాపు అప్పు ఒక బ్యాంకులో, ఇంటి తాకట్టు ఇంకో బ్యాంకులో పెట్టుకునే వీలుంటుంది.

ఇక చేదు మాట. వాయిదాలు మొదలై, 90 రోజులు దాటినా బాకీ కట్టకపోతే ఖాతా మొండి బాకీ కిందికి వెళ్తుంది. అప్పుడు సర్ఫేసీ చట్టం 13వ సెక్షన్ కింద నోటీసు వస్తుంది. మొత్తం బాకీ కట్టడానికి 60 రోజుల గడువిస్తుంది ఆ నోటీసు. దాన్ని బీరువాలో పడేసేవాళ్లే ఎక్కువ, అదే పెద్ద పొరపాటు. లెక్కలో తప్పుంటే, కట్టిన వాయిదా జమ కాకపోతే, రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చు. బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. 60 రోజులు గడిస్తే గోడకు నోటీసు అంటించి, రెండు పత్రికల్లో ప్రకటన వేస్తారు. మనం పేపర్లో చూసే ఆ స్వాధీన ప్రకటనలు ఇవే. ఈ దశలో ఇల్లు కాగితం మీదే బ్యాంకు చేతికి వెళ్తుంది. మనుషులను బయటికి పంపాలంటే జిల్లా మేజిస్ట్రేటు సాయం తీసుకుంటారు. బ్యాంకు చర్య తప్పనిపిస్తే 45 రోజుల్లోగా రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో అది విశాఖపట్నంలో ఉంది.

అన్నిటికన్నా గట్టిగా గుర్తుంచుకోవాల్సిన గడువు ఇంకొకటి. ఇదివరకు వేలం జరిగే దాకా బాకీ కట్టి ఇల్లు విడిపించుకోవచ్చని జనం అనుకునేవారు. 2016లో చట్టం మార్చారు. వేలం ప్రకటన వెలువడేలోపే మొత్తం కట్టాలి. సుప్రీంకోర్టు 2023లో ఇదే మాట ఖాయం చేసింది. వేలం రోజు ఉదయం డబ్బు సంచితో వెళ్తే విడిపించుకోగలమన్న నమ్మకానికి ఇప్పుడు చట్టంలో చోటు లేదు.

వేలంలో బాకీ కంటే ఎక్కువ వస్తే ఆ మిగులు ఇంటి యజమానిది, బ్యాంకుది కాదు. తక్కువ వస్తే ఆ లోటు అప్పుగానే ఉండిపోతుంది. ఇల్లు పోయింది కదా, అప్పు కూడా పోయిందనుకునేవాళ్లు ఈ రెండోది వినరు. అమెరికాలో ఉన్న అమ్మాయి క్రెడిట్ చరిత్రలోనూ, పూచీదారు చరిత్రలోనూ ఆ బాకీ అలాగే కనిపిస్తుంది.

తాకట్టు అడగకూడని అప్పులూ ఉన్నాయి. చిన్న పరిశ్రమలకు ఇచ్చే అప్పు 10 లక్షల వరకు తాకట్టు అడగవద్దని రిజర్వు బ్యాంకు 2010లోనే ఆదేశించింది. సాగు అప్పుల్లో ఆ పరిమితి 2025 జనవరి 1 నుంచి 2 లక్షలు. ఆ లోపు అప్పుకు ఆస్తి కాగితాలు అడిగితే, ఏ నిబంధన ప్రకారం అడుగుతున్నారో రాసిమ్మనడానికి మొహమాటపడక్కర్లేదు. తాకట్టు లేకుండా ఇచ్చిన అప్పుకు ప్రభుత్వ పూచీ నిధి అండగా ఉంటే, ఆ అండ బ్యాంకుకే గానీ మనకు కాదు. మనం కట్టకపోతే నిధి నుంచి బ్యాంకు పరిహారం తీసుకుంటుంది, మన మీద వసూలు మాత్రం ఆగదు.

మన ఉదాహరణ బాగానే ముగిసిందనుకుందాం. అమ్మాయికి ఉద్యోగం వచ్చింది, ఆరేళ్లలో అప్పు తీరింది. ఆ రోజు స్వీట్లు పంచేసి ఊరుకుంటే పని సగమే అయినట్టు. రిజర్వు బ్యాంకు 2023లో ఇచ్చిన ఆదేశం ప్రకారం అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లోపు ఒరిజినల్ దస్తావేజులన్నీ తిరిగివ్వాలి. తప్పు బ్యాంకుదై ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మనకు కట్టాలి. దస్తావేజులు బ్యాంకులోనే పోతే ధృవీకరించిన నకళ్లు ఇప్పించే బాధ్యత, ఖర్చు బ్యాంకువే. అందుకు ఇంకో 30 రోజులు ఉంటుంది. అందుకే తాకట్టు పెట్టిన రోజున ఏయే కాగితాలు, ఎన్ని పేజీలు ఇచ్చారో జాబితా మీద మేనేజరు సంతకం, బ్యాంకు ముద్ర వేయించుకుని భద్రంగా పెట్టుకోండి. అప్పు తీరాక తనఖా రద్దు కాగితం సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించండి. సెర్సాయ్‌లో ఎంట్రీ తీసేశారో లేదో అడగండి. నెల తర్వాత ఒక ఈసీ తీయించి, ఆ తనఖా రద్దయినట్టు అందులో ఎక్కిందని మీ కళ్లతో చూసుకోండి.